బాణం దిగినా రంగు పచ్చే

మన దేశంలో 2019లో ప్రతి 1000 సజీవ జననాలకు 30 మంది పసికందులు ఏడాది నిండకముందే చనిపోయారు. 2020లో ఆ సంఖ్య 28కి తగ్గింది. ఈ రెండంకెలను డాష్‌బోర్డు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌కిచ్చి ఊరుకుంటే అది కిందికి చూపే బాణం వేసి, దానికి ఎరుపు పూస్తుంది. హడావిడిలో ఉన్న అధికారి ఆ ఎరుపు చూసి పరిస్థితి దిగజారిందనుకునే ప్రమాదం ఉంది. జరిగింది మాత్రం అందరూ కోరుకునే మేలు.

ఆఫీసుల్లో కేపీఐ కార్డు అని పిలిచే ఈ చిన్న పెట్టెలో ఉండేవి నాలుగే: కొలత పేరు, ఇప్పటి విలువ, కిందటిసారితో పోలిస్తే వచ్చిన తేడా, దాని పక్కన బాణం. బాణం దిక్కు, రంగు ఒకే సంగతి చెబుతాయని చాలామంది అనుకుంటారు. కానీ వాటి పనులు వేరు. అంకె పెరిగిందా తగ్గిందా అన్నది బాణం చెబుతుంది. అది మంచికా చెడుకా అన్నది రంగు చెబుతుంది. మొదటిది తీసివేత చేస్తే తేలిపోతుంది. రెండోది మాత్రం ఆ పని తెలిసిన మనిషి ఒక్కో కొలతకూ ముందే నిర్ణయించి పెట్టాలి.

ఒక ఆసుపత్రి ఓపీ విభాగాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. డాక్టరును చూసేందుకు రోగులు కిందటి నెల సగటున 40 నిమిషాలు ఆగారు, ఈ నెల 34 నిమిషాలు ఆగారు అనుకుందాం. తేడా 6 నిమిషాలు. దాన్ని కిందటి నెల విలువ 40తో భాగిస్తే 15 శాతం తగ్గుదల. నిరీక్షణ తగ్గడం మంచిదే కాబట్టి బాణం కిందికి, రంగు ఆకుపచ్చ. స్ట్రీమ్‌లిట్ అనే పైథాన్ ఉపకరణంలో ఇందుకు ఒక్క మాట చేరిస్తే చాలు:

```python
st.metric("సగటు నిరీక్షణ", "34 ని.", "-6 ని.",
          delta_color="inverse")
```

`inverse` అంటే రంగులు తారుమారవుతాయి, బాణం మారదు. ఇక్కడో చిక్కుంది. తేడాను అక్షరాల రూపంలో ఇచ్చినప్పుడు తీసివేత గుర్తు అన్నిటికంటే ముందుండాలి. ఖర్చుల కార్డులో "-₹500" అని రాయాల్సింది "₹-500" అని రాస్తే, సాఫ్ట్‌వేర్ దాన్ని పెరుగుదలగా తీసుకుని బాణాన్ని పైకి తిప్పేస్తుంది. లక్ష్యంతో పోల్చి చూపే పవర్ బీఐ కేపీఐ కార్డులోనూ `Low is good` అన్న ఎంపిక ఉంది.

అన్ని కొలతలకూ మంచీ చెడూ అంటగట్టలేం. ఓపీకి వచ్చే రోగుల సంఖ్య పెరిగితే ఆసుపత్రిపై నమ్మకం పెరిగినట్టూ కావచ్చు, ఊళ్లో జ్వరాలు ప్రబలినట్టూ కావచ్చు. అలాంటి చోట `delta_color="off"` అని పెట్టి బూడిద రంగులో వదిలేయడమే నిజాయతీ.

పోల్చే కాలం తప్పితే రంగు కూడా తప్పుతుంది. ఈ నెల 10వ తేదీ వరకు వచ్చిన ఫిర్యాదులను కిందటి నెల మొత్తంతో పోలిస్తే కార్డు ఊరికే పచ్చగా వెలుగుతుంది. కిందటి నెల కూడా మొదటి పది రోజులతోనే పోల్చాలి. వానాకాలపు జ్వరాల లెక్కకైతే నిరుడు ఇదే నెల సరైన జోడీ. కిందటిసారి విలువ సున్నా అయితే శాతమే రాదు, తేడాను మాత్రమే చూపాలి.

అన్నీ సరిగా ఉన్నా పచ్చ రంగు మోసం చేయగలదు. విసుగెత్తి డాక్టరును చూడకుండానే వెళ్లిపోయినవారిని లెక్కలోంచి తీసేస్తే సగటు నిరీక్షణ దానంతటదే తగ్గిపోతుంది. అందుకే ఆ కార్డు పక్కనే, అలా వెళ్లిపోయినవారి సంఖ్య చూపే కార్డు కూడా ఉండాలి. అక్కడా తగ్గుదలే మంచిది. మొదటి కార్డు పచ్చగా, రెండోది ఎర్రగా కనిపిస్తే సేవ మెరుగుపడలేదని, క్యూలోనివారు వెనుదిరుగుతున్నారని అనుమానించాలి.

ఇక రంగు ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. ఎరుపు, ఆకుపచ్చలను వేరుచేసి చూడలేనివారు మగవారిలో ఎక్కువ. చైనా షేర్ మార్కెట్ తెరలపై అయితే పెరిగిన ధర ఎర్రగా, తగ్గినది పచ్చగా కనిపిస్తుంది. కాబట్టి కార్డు తయారుచేసేవారు బాణం పక్కన "6 నిమిషాలు తగ్గింది, మెరుగు" అని మాటల్లోనూ రాయాలి. దేనితో పోల్చారో కిందే చెప్పాలి. ఆ వివరం లేని కార్డు ఎదురైతే, రంగు చూసి నిర్ణయం తీసుకునే ముందు అది ఏ కాలంతో పోలికో అడిగి తెలుసుకోండి.