రాత్రంతా మేలుకోకుండా రెండు దేశాల జట్టు పని చేయడం ఎలా?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అనగానే మన ఊళ్లలో చాలామంది "అమెరికా వాళ్లకు పగలైతే మనకు రాత్రి కదా, పాపం రాత్రంతా మేలుకోవాలి" అంటుంటారు. ఇంజనీరింగు, ఎంసీఏ చదువుతున్న మన హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా మమ్మల్ని మొట్టమొదట అడిగేది ఇదే. ఇక్కడ చదివి ఇలాంటి జట్లలో చేరినవాళ్లం, చివరి సెమిస్టరు ప్రాజెక్టు చేస్తున్నవాళ్లం కలిసి మాట్లాడుకుంటే ఒక సంగతి తేలింది. చాలాసార్లు రాత్రి మేలుకోవాల్సి వచ్చేది గడియారాల తేడా వల్ల కాదు. ఎవరు ఏ పని ఎప్పటిలోగా చేయాలో జట్టు ముందే రాసి పెట్టుకోకపోవడం వల్ల. ఆ రాతలో ముఖ్యంగా మూడు విషయాలు ఉండాలి: రివ్యూ ఎంతసేపట్లో చూడాలి, డిప్లాయ్ ఏ వేళల్లో చేయాలి, పని ఎలా అప్పగించాలి. ఒకే ఉదాహరణతో మూడింటినీ వివరిస్తాం.

హైదరాబాదులో నలుగురు, అమెరికాలోని డల్లాస్‌లో నలుగురు ఉన్న జట్టును అనుకుందాం. వేసవిలో డల్లాస్ గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనుక ఉంటుంది. మనవాళ్ల పని ఉదయం 10.30 నుంచి రాత్రి 7.30 వరకు. వాళ్ల పని అక్కడి లెక్కలో ఉదయం 8 నుంచి సాయంత్రం 5 వరకు. డల్లాస్‌లో ఉదయం 8 అంటే మనకు సాయంత్రం 6.30. అంటే రెండువైపులా మనుషులు కుర్చీలో ఉండేది 6.30 నుంచి 7.30 వరకు, ఒక్క గంట మాత్రమే.

ఈ జట్టు దుకాణాలకు బిల్లులు వేసే ప్రోగ్రాం చూసుకుంటుంది. డల్లాస్ దుకాణాల్లో రాత్రి 7 దాటాక కొట్టిన బిల్లుల మీద మరుసటి రోజు తేదీ పడుతోంది. కారణం చిన్నదే. కంప్యూటరు సమయాన్ని యూటీసీ అనే ప్రపంచ కాలమానంలో దాచుకుంటుంది. వేసవిలో డల్లాస్‌లో రాత్రి 7 అయ్యేసరికి యూటీసీలో అర్ధరాత్రి అయి తేదీ మారిపోతుంది. ప్రోగ్రాం ఆ తేదీనే అచ్చు వేస్తోంది. హైదరాబాదులోని ఒక అమ్మాయి దీన్ని సరిచేసి, సోమవారం సాయంత్రం 5 గంటలకు డల్లాస్‌లోని సీనియరుకు రివ్యూకి పంపింది. ఒకరు రాసిన కోడును ఇంకొకరు చదివి, తప్పులుంటే చెప్పి, బాగుంటే ఒప్పుకోవడమే రివ్యూ.

ఒప్పందం ఏమీ లేదనుకోండి. ఆ సీనియరు తన పనులన్నీ చూసుకుని అక్కడి మధ్యాహ్నం 3 గంటలకు దీన్ని తెరుస్తాడు. అప్పటికి మనకు మంగళవారం తెల్లవారుజామున 1.30. "దుకాణం ఏ కాలమానంలో ఉందో నమోదు కాకపోతే ఏ తేదీ వేస్తావు?" అని అడుగుతాడు. మంచి ప్రశ్నే. ఆమె ఉదయం వచ్చి అరగంటలో సరిచేసి పంపుతుంది. ఆయన మళ్లీ మధ్యాహ్నం 3కి చూసి "దీనికి ఒక పరీక్ష కూడా రాయి" అంటాడు. బుధవారం ఆమె రాస్తుంది. గురువారం తెల్లవారుజామున ఒప్పుకుంటాడు. ఇద్దరూ పడ్డ శ్రమ అంతా కలిపితే గంటో గంటన్నరో. గడిచినవి మూడు రాత్రులు. ఈ మూడు రాత్రుల ఆలస్యం కనబడి, కొత్తగా చేరిన మనవాళ్లు "నేను ఒంటిగంట దాకా మేలుకుని వెంటనే జవాబిస్తాను" అని మొదలుపెడతారు. వారం గడిచేసరికి అది అలవాటై, వాళ్ల డ్యూటీలో భాగమైపోతుంది.

ఒప్పందంలో ఒక్క వాక్యం ఉంటే ఈ కథ మారుతుంది: "అవతలి నగరం నుంచి వచ్చిన రివ్యూలను ఆ రోజు మొదటి పనిగా చూడాలి." సీనియరు ఉదయం 8కి, అంటే మన 6.30కి దాన్ని తెరుస్తాడు. 6.45కి ప్రశ్న వస్తుంది. ఆమె ఇంకా అక్కడే ఉంది కాబట్టి 7.10కి సరిచేసి పంపుతుంది. 7.20కి ఒప్పుకుంటాడు. ఒక్క రాత్రి కూడా పోలేదు. చాలా జట్లు "24 గంటల్లోగా రివ్యూ చేయాలి" అని రాసుకుంటాయి. మొదటి కథలో సీనియరు ఒక్కసారి కూడా 24 గంటలు దాటలేదని గమనించండి. కాబట్టి గంటలు లెక్కపెట్టడం కంటే, అవతలి మనిషి ఇంటికి వెళ్లేలోగా జవాబు అందుతుందా అన్నదే చూడాలి. గూగుల్ సంస్థ తన ఇంజనీర్ల కోసం రాసి అందరికీ అందుబాటులో ఉంచిన రివ్యూ మార్గదర్శకాల్లోనూ ఇదే ఉంది. జవాబుకు గరిష్ఠంగా ఒక పనిదినం గడువు ఇస్తూనే, కాలమానాలు వేరైతే రాసినవారు ఇంకా పనిలో ఉండగానే జవాబివ్వమని, లేదంటే మర్నాడు వాళ్లు వచ్చేసరికైనా రివ్యూ ముగించి ఉంచమని చెబుతుంది.

దీనికి తోడు ఇంకొక నియమం కావాలి. రివ్యూ చేసేవారు ప్రశ్నలన్నీ ఒకేసారి అడగాలి. ప్రతిదాని ముందు "తప్పనిసరి" అనో "వీలైతే" అనో రాయాలి. మిగిలినవి చిన్నచిన్న దిద్దుబాట్లే అయితే అప్పుడే ఒప్పుకుని, రాసినవారు దిద్దుకుంటారని నమ్మాలి. లేకపోతే ఒక అక్షరదోషం కోసం ఒక రాత్రి పోతుంది. ఈ పద్ధతికి హద్దు కూడా ఉంది. వెయ్యి లైన్ల మార్పును ఎవరూ ఒక గంటలో చదవలేరు. దాన్ని ముక్కలు చేసి పంపాలి. పెద్ద మార్పులు కూడా ఒక్క ప్రశ్న లేకుండా పది నిమిషాల్లో ఒప్పుకోలుతో తిరిగి వస్తున్నాయంటే, గడువు కోసం చదవకుండానే సంతకం పెడుతున్నారని అర్థం.

ఇక డిప్లాయ్. ఒప్పుకున్న మార్పును నిజమైన దుకాణాలు వాడే చోట పెట్టడమే డిప్లాయ్. సోమవారం రాత్రి 7.20కి ఒప్పుకోలు రాగానే పెట్టేసి 7.30 బస్సు ఎక్కడం తేలికే. కానీ ఏదైనా చెడితే, ఆ మార్పు గురించి బాగా తెలిసిన మనిషి బస్సులో ఉంటుంది. అందుకే ఈ జట్టుకు మన సమయం ప్రకారం సోమవారం నుంచి గురువారం వరకు, మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు అన్న నియమం సరిపోతుంది. అప్పుడు డల్లాస్‌లో తెల్లవారుజామున 3.30 నుంచి 5.30. దుకాణాలు మూసి ఉంటాయి. మన సాయంత్రం 4.30 అయ్యేసరికి న్యూయార్కు వైపు ఉదయం 7 అవుతుంది. వాడకం మెల్లగా పెరుగుతూ వస్తుంటే, పెట్టిన మనిషి ఇంకా మూడు గంటలు కూర్చుని చూడగలదు. శుక్రవారం ఎందుకు వద్దంటే, ఆ సాయంత్రం వెళ్లిన మనిషి సోమవారం దాకా రాదు. మన సంక్రాంతి, వాళ్ల థాంక్స్‌గివింగ్ వంటి సెలవులకు ముందు రోజూ ఇంతే. అందుకే రెండు దేశాల సెలవులూ ఒకే క్యాలెండరులో ఉండాలి.

కిటికీ ఎంత బాగా ఎంచుకున్నా డిప్లాయ్‌కి రెండు షరతులు తప్పవు. మార్పును వెనక్కి తీసే పద్ధతి ముందే రాసి ఉండాలి. వెనక్కి తీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని, మెలకువగా ఉన్నవారు ఎవరైనా తీయవచ్చని కూడా రాసి ఉండాలి. ఈ రెండో మాట లేకపోతే, చెడిందని తెలిసినా "పెద్దవాళ్లు లేచాక అడుగుదాం" అని జూనియర్లు గంటలు గంటలు ఆగిపోతారు. డేటాబేసులో కాలమ్ తొలగించడం వంటి, వెనక్కి తీయలేని మార్పులకు మాత్రం ఈ కిటికీ పనికిరాదు. వాటిని ముందే చెప్పుకుని, ఇద్దరూ ఉండే గంటలోనే చేయాలి.

మన ఉదాహరణలో మార్పును మంగళవారం మధ్యాహ్నం 2.30కి పెట్టారు. రాత్రి 7.30 వరకు అంతా బాగానే ఉంది. కానీ అసలు జబ్బు డల్లాస్‌లో రాత్రి 7 దాటాకే కదా కనిపించేది! అప్పుడు మనకు బుధవారం ఉదయం 5.30. పనిని అప్పగించడం ఇక్కడే అవసరమవుతుంది. "బిల్లు తేదీ పెట్టేశాను, బాగానే ఉన్నట్టుంది, ఒకసారి చూడండి" అని రాసి వెళితే అది అప్పగింత కాదు. ఏం చూడాలి, ఎప్పుడు చూడాలి, చెడితే ఏం చేయాలి అన్నవి అందులో లేవు. ఇలా రాయాలి:

"ఏం జరిగింది: బిల్లు తేదీ మార్పు మంగళవారం 09:00 యూటీసీకి (హైదరాబాదు మధ్యాహ్నం 2.30, డల్లాస్ తెల్లవారుజాము 4) పెట్టాం.
ఇప్పటివరకు చూసింది: పగటి బిల్లుల తేదీలు సరిగా ఉన్నాయి. రాత్రి బిల్లులు ఇంకా చూడలేదు.
చేయాల్సింది: డల్లాస్ రాత్రి 7.15కి రెండు దుకాణాల కొత్త బిల్లులు తెరిచి, మంగళవారం తేదీ ఉందో లేదో చూడాలి.
తప్పుంటే: పాత వెర్షన్‌కు వెనక్కి తీయండి. నన్ను లేపనక్కర్లేదు.
ఎవరి చేతిలో: ఈ రాత్రి వంతు ఉన్నవారు."

ఈ చీటీలో "చూడలేదు" అన్న మాట ఎంతో విలువైనది. చేసినవాటితోపాటు చేయనివి కూడా రాస్తేనే అవతలివారు మళ్లీ మొదటినుంచి వెతుక్కోరు. చివరి నియమం: అవతలివారు "తీసుకున్నాం" అని రాసేదాకా పని అప్పగించినట్టు కాదు. ఇద్దరూ ఉండే గంట ముగిసేలోపు ఆ మాట రాకపోతే, వెళ్లేముందు ఫోను చేసి అడగాలి.

ఈ ఒప్పందాన్నంతా ఏటా ఒక రోజు తలకిందులు చేస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు నవంబరు మొదటి ఆదివారం గడియారాన్ని ఒక గంట వెనక్కి తిప్పి, మార్చి రెండో ఆదివారం మళ్లీ ముందుకు తిప్పుతాయి. 2007 నుంచి ఈ తేదీలే. మన గడియారం మారదు. నవంబరు నుంచి డల్లాస్ ఉదయం 8 అంటే మనకు రాత్రి 7.30. అంటే ఇద్దరూ ఉండే గంట పూర్తిగా మాయమవుతుంది! ఎవరూ ముందే మాట్లాడుకోకపోతే హైదరాబాదు వాళ్లే చప్పుడు చేయకుండా 8.30 దాకా కూర్చుంటారు. నాలుగు నెలలు అదే నడుస్తుంది. ఆలస్యంగా ఇల్లు చేరే బాధ, ముఖ్యంగా ఆడపిల్లలకు, మనవైపే మిగులుతుంది. చలికాలంలో ఒక వారం మనం గంట ఆలస్యంగా వచ్చి గంట ఆలస్యంగా వెళ్లడం, మరో వారం వాళ్లు గంట ముందు రావడం అని వంతులు అక్టోబరులోనే రాసుకోవాలి.

ఒప్పందం పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు. రెండు వారాలకోసారి, పంపిన ప్రతి మార్పూ ఒప్పుకోలు దాకా ఎన్ని రాత్రులు గడిపిందో లెక్కపెట్టండి. ఒకటికి మించినవాటిని తెరిచి వ్యాఖ్యలు చదవండి. ప్రశ్నలు విడివిడిగా వచ్చాయా, రివ్యూ మధ్యాహ్నానికి జరిగిందా, మార్పే పెద్దదా అన్నది అక్కడే కనబడుతుంది. అలాగే పనివేళల తర్వాత ఎవరు ఎన్నిసార్లు కూర్చున్నారో కూడా రాయండి. ఒకే పేరు పదేపదే వస్తుంటే ఒప్పందాన్ని మార్చాలి.

మా ఇళ్లలో ఆఫీసు ఉద్యోగం చేసినవారు మాకు ముందు ఎవరూ లేరు. అందుకే "ఇది నా పనివేళ కాదు" అనడానికి మాకు నోరు రాదు. ఆ మాట జట్టు కాగితం మీద ఉంటే మేము అనక్కర్లేదు. మీరు కొత్త జట్టులో చేరిన మొదటి వారంలోనే ఈ నాలుగు అడగండి: రివ్యూకి ఏ వేళలోగా జవాబు వస్తుంది? డిప్లాయ్ కిటికీ ఏది? రాత్రి వంతు ఎవరిది? నవంబరులో వేళలు ఎవరు మార్చుకుంటారు? ఇంకా ఎవరూ రాసి పెట్టలేదంటే, ఆ ఒక్క పేజీ మీరే రాసి సరిచూడమని పంపండి. కొత్తగా చేరినవారు రాయకూడదన్న నియమం ఎక్కడా లేదు.