ఊగని షేర్లు, పుంజుకునే మార్కెట్

షేరు ధర రోజురోజుకీ ఎంత ఊగుతోందో కొలిచి, తక్కువ ఊగేవాటిని ఏరుకోవడాన్ని లో వొలటాలిటీ ఎంపిక అంటారు. మన దగ్గర దీనికి నమూనా నిఫ్టీ 100 లో వొలటాలిటీ 30 సూచీ. నిఫ్టీ 100 షేర్లలో ఒక్కోదానికీ గడిచిన ఏడాది రోజువారీ హెచ్చుతగ్గుల శాతాలు తీసుకుని, వాటి ప్రామాణిక విచలనం కడతారు. బాగా తక్కువ అంకె వచ్చిన 30 షేర్లు సూచీలో చేరతాయి. వెయిటేజీ కూడా ఆ అంకెను బట్టే: రోజుకు 1.2 శాతం ఊగే షేరుకు, 2.4 శాతం ఊగేదానికి రెట్టింపు. మూడు నెలలకోసారి జాబితా మారుస్తారు. కంపెనీ లాభాలూ అప్పులూ ఈ లెక్కలోకి రావు.

ఈ కొలతకు ఎగుడూ దిగుడూ ఒకటే. పైగా తేడాలను వర్గం చేస్తారు కాబట్టి ఒక్క పెద్ద రోజు బోలెడు మామూలు రోజులను మింగేస్తుంది. 2020 మార్చి 23న నిఫ్టీ దాదాపు 13 శాతం పడింది. ఏడాదిలోని 252 ట్రేడింగ్ రోజుల్లో 251 రోజులు 1 శాతమే కదిలిన షేరు అలాంటి ఒక్క రోజు చూస్తే, దాని అంకె 1 నుంచి 1.29కి ఎగబాకుతుంది. ఏడాది తిరగ్గానే ఆ రోజు లెక్కలోంచి జారిపోయి అంకె మళ్లీ 1కి దిగుతుంది. కంపెనీలో ఏమీ మారి ఉండదు.

అందరూ ఒకేలా పడితే ర్యాంకులు మారవు. చిక్కు ఆ తర్వాతే. 2020 ఏప్రిల్ 7న నిఫ్టీ ఒక్కరోజే 8.76 శాతం ఎగిసింది. అలాంటి రోజున అందరికన్నా ఎక్కువ ఎగిరిన షేరుకు కూడా 'బాగా ఊగేది' అన్న ముద్ర పడుతుంది. తర్వాతి మార్పులో దానికి చోటు దక్కదు. అది తేరుకుని ముందుకు సాగుతుంటే, ఈ పద్ధతి ఏడాది పాటు దాన్ని గుమ్మం బయటే ఉంచవచ్చు.

అయితే పుంజుకునేటప్పుడు వెనకబడటం దానంతటదే లోపం కాదు. మార్కెట్ 100 నుంచి 70కి పడి, తిరిగి 100 చేరాలంటే 43 శాతం పెరగాలి. మార్కెట్ కదలికలో 70 శాతమే కదిలే పోర్ట్‌ఫోలియో 79 దగ్గర ఆగి, అక్కడి నుంచి 30 శాతం పెరిగితే 102 దాటుతుంది. ఎగసినప్పుడు వదులుకున్నది పడినప్పుడే దక్కిందన్నమాట. అసలు దెబ్బ ఆ రక్షణ దొరకనప్పుడు తగులుతుంది. భయంతో జనం అన్నీ అమ్మేస్తే నెమ్మది షేర్లూ 72 దాకా జారతాయి, ఎగసేటప్పుడు మాత్రం తమ పాత నెమ్మదితోనే 30 శాతం పెరిగి 94 దగ్గర ఆగిపోతాయి.

అమెరికాలో 2020లో జరిగింది ఇంచుమించు ఇదే. ఎస్ అండ్ పీ 500 ఆ ఏడాదిని 16 శాతం లాభంతో ముగిస్తే, అందులోంచి ఇదే తీరున 100 షేర్లను ఏరే లో వొలటాలిటీ సూచీ స్వల్ప నష్టంతో మిగిలింది. అందుకే ఇలాంటి ఫండ్‌ను తూచేటప్పుడు పుంజుకున్న నెలల రాబడి ఒక్కటే చూస్తే చాలదు. అంతకు ముందు పతనంలో అది మార్కెట్ కన్నా ఎంత తక్కువ పడిందో దాని పక్కన పెట్టి చూడాలి.