గాల్లో ఉన్నప్పుడు గుర్రం కాళ్లెక్కడ?

ఏఐతో వీడియో చేయించేటప్పుడు ‘గుర్రం వేగంగా పరుగెత్తుతోంది’ అని మాత్రమే రాస్తే, వెనక కాళ్లు రెండూ కుందేలుకు లాగా ఒకేసారి లేవవచ్చు, గిట్టలు నేలమీద జారిపోవచ్చు. దౌడు తీరు తెలిస్తే ప్రాంప్ట్ మెరుగవుతుంది.

దౌడులో ప్రతి అంగకూ నాలుగు గిట్టలూ విడివిడిగా నేలను తాకుతాయి. ఎడమ వెనక కాలు, కుడి వెనక కాలు, ఎడమ ముందు కాలు, చివరికి కుడి ముందు కాలు. కొన్నిసార్లు ఎడమ కుడులు తారుమారవుతాయి కానీ వెనక కాళ్లే ముందు పడతాయి. ఆ తర్వాత గుర్రం క్షణకాలం పూర్తిగా గాల్లో ఉంటుంది. అప్పుడు కాళ్లు చాచి ఉండవు, పొట్ట కిందికి ముడుచుకుంటాయి. పాత చిత్రకారులు చాలామంది చాచినట్టే గీశారు. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ వరుస కెమెరాలతో తీసిన ఫొటోలు అసలు సంగతి చూపించాయి.

అందుకే ఇలా రాయండి: ‘పక్కనుంచి కనిపించే ఒకే గుర్రం, నాలుగు దెబ్బల దౌడు, గాల్లో ఉన్నప్పుడు కాళ్లు పొట్ట కింద ముడుచుకుని, ప్రతి గిట్ట దగ్గరా దుమ్ము, సమాన వేగంతో వెంట సాగే కెమెరా, స్లో మోషన్.’

ఇంత రాసినా కాళ్ల వరుస తప్పవచ్చు. వీడియోను ఫ్రేమ్ ఫ్రేమ్‌గా జరిపి, నేలకు ఆనిన గిట్ట కదలకుండా నిలిచిందా, దగ్గరి కాలు దూరపు కాలితో కలిసిపోయిందా చూడండి. తప్పితే నిడివి తగ్గించి మళ్లీ చేయించాలి.