ముందు పరుగు, తర్వాత నిలకడ: డివిడెండ్లతో షేరుకు విలువ కట్టే రెండు దశల లెక్క

షేరు కొన్నవారికి కంపెనీ నుంచి నేరుగా చేతికొచ్చేది డివిడెండే. ఆ షేరును కొన్నాళ్ల తర్వాత మరొకరికి అమ్మితే మంచి ధర రావచ్చు. అయితే కొనేవారు ఆ ధర ఇచ్చేది కూడా ముందుముందు డివిడెండ్లు వస్తాయన్న ఆశతోనే. కాబట్టి ఎన్ని చేతులు మారినా, ఇకముందు రాబోయే డివిడెండ్లన్నిటినీ ఈనాటి విలువలోకి మార్చి కూడితే వచ్చే మొత్తమే షేరు అసలు విలువ అవుతుంది. డివిడెండ్ డిస్కౌంట్ నమూనాకు ఇదే పునాది. అమెరికా ఆర్థికవేత్త జాన్ బర్ విలియమ్స్ 1938లో వెలువడిన ‘ద థియరీ ఆఫ్ ఇన్వెస్ట్‌మెంట్ వాల్యూ’ గ్రంథంలో ఈ వాదాన్ని వివరంగా నిలబెట్టారు.

ఈనాటి విలువలోకి మార్చడానికి మదుపరి కోరే రాబడి రేటు కావాలి. ఏడాదికి 14 శాతం రాబడి కోరేవారికి వచ్చే ఏడాది అందే 114 రూపాయలూ, ఈరోజు చేతిలో ఉన్న 100 రూపాయలూ ఒక్కటే. అందుకే ఏడాది తర్వాత వచ్చే సొమ్మును 1.14తో ఒకసారి, రెండేళ్ల తర్వాత వచ్చేదాన్ని రెండుసార్లు భాగిస్తారు. ప్రభుత్వ బాండు మీద ఏ నష్టభయమూ లేకుండా వచ్చే వడ్డీకి, షేరులో ఉన్న రిస్కుకు తగిన అదనపు రాబడిని కలిపితే ఈ రేటు వస్తుంది.

ఒకే వృద్ధిరేటుతో చిక్కు

డివిడెండ్లు ఏటా ఒకే రేటున శాశ్వతంగా పెరుగుతాయనుకుంటే లెక్క చాలా తేలిక. వచ్చే ఏడాది డివిడెండు D1, కోరే రాబడి r, వృద్ధిరేటు g అయితే విలువ ఇలా వస్తుంది:

P = D1 / (r − g)

మైరన్ గోర్డన్ పేరుతో ప్రసిద్ధమైన సూత్రం ఇది. ఏళ్ల తరబడి నిదానంగా పెరిగే పాత కంపెనీలకు ఇది సరిపోతుంది. వేగంగా ఎదుగుతున్న కంపెనీ దగ్గరికి వచ్చేసరికి తేలిపోతుంది. ఉదాహరణకు ఒక ఊహా కంపెనీ ఇప్పుడే షేరుకు 10 రూపాయల డివిడెండు చెల్లించిందనీ, అది ఏటా 20 శాతం పెరుగుతోందనీ, మదుపరి కోరే రాబడి 14 శాతమనీ అనుకుందాం. వచ్చే ఏడాది డివిడెండు 12 రూపాయలు. దాన్ని 0.14 నుంచి 0.20 తీసివేయగా వచ్చినదానితో భాగిస్తే షేరు విలువ మైనస్ 200 రూపాయలని తేలుతుంది. బాగా ఎదుగుతున్న కంపెనీ షేరుకు సున్నా కంటే తక్కువ విలువ ఉండటం అర్థం లేని మాట.

తప్పు కూడికలో లేదు, 20 శాతం వృద్ధి శాశ్వతమన్న ఊహలో ఉంది. వంద కోట్ల రూపాయల లాభం ఏటా 20 శాతం చొప్పున 50 ఏళ్లు పెరిగితే 9 లక్షల కోట్లు దాటుతుంది. ఏ కంపెనీ అయినా అంత దూరం అదే ఊపుతో పోలేదు. పోటీదారులు వస్తారు, మార్కెట్ నిండిపోతుంది, పేటెంట్ల గడువు తీరుతుంది. కాబట్టి కంపెనీ జీవితాన్ని రెండు భాగాలు చేస్తారు. మొదటిది కొన్నేళ్ల అసాధారణ వృద్ధి దశ, రెండోది ఆ తర్వాత అంతులేకుండా సాగే స్థిర వృద్ధి దశ. గోర్డన్ సూత్రాన్ని రెండో దశకు మాత్రమే వాడతారు.

లెక్క చేసే తీరు

పై కంపెనీనే తీసుకుని, 20 శాతం వృద్ధి నాలుగేళ్లు సాగి, ఐదో ఏడాది నుంచి 6 శాతానికి దిగి అక్కడే నిలిచిపోతుందనుకుందాం. మొదటి పని నాలుగేళ్ల డివిడెండ్లను విడివిడిగా వేసుకుని, ఒక్కోదాన్నీ ఈనాటి విలువలోకి తేవడం.

| ఏడాది | డివిడెండు (రూ.) | ఈనాటి విలువ (రూ.) |
|---|---|---|
| 1 | 12.00 | 10.53 |
| 2 | 14.40 | 11.08 |
| 3 | 17.28 | 11.66 |
| 4 | 20.74 | 12.28 |

ఈ నాలుగూ కలిపితే సుమారు 45.55 రూపాయలు. ఇది మొదటి దశ విలువ.

రెండో పని, నాలుగో ఏడాది చివర ఆ షేరు ఎంత పలకాలో లెక్కగట్టడం. దీన్ని టెర్మినల్ విలువ అంటారు. అప్పటి నుంచి వృద్ధి స్థిరంగా 6 శాతమే కాబట్టి గోర్డన్ సూత్రం పనిచేస్తుంది. ఐదో ఏడాది డివిడెండు 20.74కు 6 శాతం కలిపితే 21.98 రూపాయలు. దాన్ని 0.14 − 0.06, అంటే 0.08తో భాగిస్తే 274.75 రూపాయలు వస్తుంది.

మూడో పని, ఈ 274.75ను నాలుగేళ్లు వెనక్కి తెచ్చి ఈనాటి విలువ కట్టడం. అది 162.68 రూపాయలు. మొదటి దశ 45.55ను దీనికి కలిపితే షేరు విలువ దాదాపు 208 రూపాయలు. మార్కెట్లో ఆ షేరు 180కి దొరుకుతుంటే ఈ అంచనాల ప్రకారం చవక, 260 పలుకుతుంటే ప్రియం.

ఈ మూడో పనిలోనే చాలామంది పొరపడతారు. టెర్మినల్ విలువను ఐదో ఏడాది డివిడెండుతో కట్టాం కదా అని దాన్ని ఐదేళ్లు వెనక్కి తెస్తారు. గోర్డన్ సూత్రం ఇచ్చేది మాత్రం అందులో వాడిన డివిడెండుకు ఒక ఏడాది ముందటి ధర. కాబట్టి నాలుగేళ్లకే భాగించాలి. ఐదేళ్లకు భాగిస్తే షేరు విలువ 188కి పడిపోయి, ఇరవై రూపాయలు ఊరికే తగ్గుతుంది.

బరువంతా రెండో దశ మీదే

208 రూపాయల్లో 163 రూపాయలు, అంటే 78 శాతం, నాలుగేళ్ల తర్వాతి కాలం నుంచి వచ్చిందే. అందరి కళ్లూ ఉండేది మొదటి దశలోని 20 శాతం మీద. విలువను నిర్ణయించేది ఎవరూ పెద్దగా పట్టించుకోని 6 శాతం. ఆ 6ను 7 చేస్తే షేరు విలువ 233కు పెరుగుతుంది. అదే 10 చేస్తే 383 అవుతుంది. భాగించే సంఖ్య 0.08 నుంచి 0.04కు తగ్గడంతో టెర్మినల్ విలువ రెట్టింపు దాటుతుంది. r, g రెండూ దగ్గరయ్యే కొద్దీ విలువ ఇలాగే విపరీతంగా ఉబ్బుతుంది.

స్థిర వృద్ధిరేటుకు ఒక హద్దు ఉంది. దేశ ఆర్థిక వ్యవస్థ ధరల పెరుగుదలతో సహా దీర్ఘకాలంలో ఎంత పెరుగుతుందో, కంపెనీ వృద్ధిని శాశ్వతంగా అంతకు మించి వేయకూడదు. అలా వేస్తే ఏదో ఒక రోజున ఆ కంపెనీ దేశం మొత్తం కంటే పెద్దదవుతుందని ఒప్పుకున్నట్టే. దూకుడు దశ ఎన్నేళ్లన్నదీ ముఖ్యమే. పై లెక్కలో నాలుగేళ్లకు బదులు ఐదేళ్లు వేస్తే విలువ 208 నుంచి దాదాపు 230కి చేరుతుంది.

మరిచిపోయే అంశం: లాభంలో పంచేదెంత?

కంపెనీ ఎదగాలంటే లాభంలో కొంత అట్టిపెట్టుకుని మళ్లీ వ్యాపారంలో పెట్టాలి. వాటాదారుల మూలధనం మీద వచ్చే రాబడిని, లాభంలో అట్టిపెట్టుకునే వంతుతో గుణిస్తే వృద్ధిరేటు వస్తుంది. మన కంపెనీకి మూలధనం మీద రాబడి 25 శాతమైతే, 20 శాతం పెరగడానికి లాభంలో 80 శాతం అట్టిపెట్టుకోవాలి. పంచేది 20 శాతమే. 10 రూపాయల డివిడెండు వెనక షేరుకు 50 రూపాయల లాభం ఉందన్నమాట.

వృద్ధి 6 శాతానికి దిగిన తర్వాత అంత సొమ్ము లోపల ఉంచుకోనక్కర్లేదు. మూలధనం మీద రాబడి 15 శాతానికి తగ్గినా, 6 శాతం పెరగడానికి లాభంలో 40 శాతం చాలు. మిగతా 60 శాతం పంచవచ్చు. ఐదో ఏడాది నాటికి షేరుపై లాభం 109.90 రూపాయలవుతుంది. అందులో 60 శాతం, అంటే 65.94 రూపాయలు డివిడెండు. దాన్ని 0.08తో భాగిస్తే టెర్మినల్ విలువ 824 రూపాయలు. ఈనాటి విలువలో షేరు 534 రూపాయలు పలకాలి.

అదే కంపెనీ, అవే వృద్ధిరేట్లు. విలువ మాత్రం 208 నుంచి 534కు పెరిగింది. మొదటి లెక్కలో తెలియకుండానే ఒక ఊహ దూరింది. ఎదుగుదల మందగించినా కంపెనీ 80 శాతం లాభాన్ని దగ్గరే పెట్టుకుంటుందని అది అనుకుంది. 80 శాతం తిరిగి పెట్టినా 6 శాతమే పెరుగుతోందంటే, ఆ పెట్టుబడి మీద రాబడి 7.5 శాతమే. వాటాదారులు కోరేదేమో 14 శాతం. అలా సొమ్ము పారబోసే కంపెనీకి విలువ తక్కువే ఉంటుంది. కాబట్టి వృద్ధిరేటు మార్చినప్పుడల్లా పంపిణీ వంతునూ మార్చాలి. స్థిర వృద్ధిరేటును అట్టిపెట్టుకునే వంతుతో భాగించి, వచ్చే రాబడి నమ్మదగినదేనా అని చూస్తే ఈ లోపం పట్టుబడుతుంది.

ఎక్కడ పనిచేయదు?

20 శాతం వృద్ధి ఒక్కసారిగా 6కు పడిపోవడం కాగితం మీద సులువేగానీ వ్యాపారంలో అరుదు. వృద్ధి మెల్లమెల్లగా దిగే తీరును లెక్కలోకి తెచ్చేందుకు రస్సెల్ ఫుల్లర్, చీ-చెంగ్ షియా 1984లో ‘హెచ్ మోడల్’ను ప్రతిపాదించారు. మధ్యలో మరో దశ చేర్చే మూడు దశల నమూనాలూ వాడుకలో ఉన్నాయి.

డివిడెండే ఇవ్వని కంపెనీలకు ఈ పద్ధతి నేరుగా అక్కరకు రాదు. వారెన్ బఫెట్ సారథ్యం వహించిన బెర్క్‌షైర్ హాతవే 1967లో ఒక్కసారి మాత్రం డివిడెండు ఇచ్చి, దశాబ్దాల పాటు మళ్లీ ఇవ్వలేదు. డివిడెండుకు బదులు షేర్ల బైబ్యాక్ ద్వారా సొమ్ము తిరిగిచ్చే కంపెనీల విషయంలో కూడా డివిడెండు మాత్రమే చూస్తే విలువ తక్కువగా తేలుతుంది. ఇలాంటి చోట్ల కంపెనీ చేతిలో మిగిలే నగదు ప్రవాహాన్ని లెక్కించే పద్ధతిని వాడటమే మేలు.

స్థిరంగా డివిడెండు ఇస్తూ, మరికొన్నేళ్లు వేగంగా ఎదిగే కంపెనీలకు రెండు దశల నమూనా చక్కగా అమరుతుంది. అక్కడ కూడా ఒకే అంకె పట్టుకుని కూర్చోకూడదు. స్థిర వృద్ధిరేటు, పంపిణీ వంతు అటూ ఇటూ మార్చి చూసి, విలువ ఏ పరిధిలో తేలుతుందో రాసుకోవాలి. మార్కెట్ ధర ఆ పరిధి కంటే బాగా కిందికి ఉన్నప్పుడే ఆ షేరును చవక అనడం సబబు.