తాతయ్య నడక లెక్క

బడిపంతులుగా రిటైరైన మా తాతయ్య రోజూ పొద్దున్నే స్టేడియంలో 400 మీటర్ల ట్రాక్ మీద ఒక రౌండుకు టైము చూసుకుంటారు. మొదట్లో 8 నిమిషాలు పట్టేది.

"రోజుకోలా వస్తోందిరా" అని విసుక్కునేవారు. నిద్ర చాలకపోయినా, ఉక్కపోసినా టైము పెరుగుతుంది మరి. అందుకే వారంలో వచ్చిన ఏడు టైములనూ తక్కువ నుంచి ఎక్కువకు రాసి, నడిమిది చూడమన్నాను. అప్పుడు తేడా తెలిసింది. కొన్ని నెలల్లో అది మెల్లగా తగ్గుతూ 6 నిమిషాల 40 సెకన్లకు వచ్చింది. అంటే సరిగ్గా సెకనుకు ఒక మీటరు!

పెద్దవయసు వాళ్ల నడక వేగాన్ని డాక్టర్లు కూడా కొలుస్తారు. కాళ్ల బలం, గుండె, నరాలు, తూలకుండా నిలిచే నేర్పు అన్నీ అందులో తెలుస్తాయి. సెకనుకు 0.8 మీటర్ల కంటే తగ్గితే కారణం వెతుకుతారు.

పక్కవాళ్లతో మాట్లాడలేనంత ఆయాసం వస్తే తాతయ్య వెంటనే వేగం తగ్గిస్తారు. ఆ రోజు టైము రాసుకోరు.