సెలవు చీటీలో తేదీ పక్కన వారం ఎందుకు రాయాలి

"మా అమ్మగారికి మోకాలి ఆపరేషన్ ఉన్నందున నాకు ఫిబ్రవరి 1 నుంచి రెండు వారాలు సెలవు మంజూరు చేయగలరు." ఆఫీసుల్లో రోజూ కనిపించే రకం దరఖాస్తే ఇది. కారణం న్యాయమైనది, భాషలో మర్యాద ఉంది. కానీ దీన్ని చేతిలో పెట్టుకుని సెలవు లెక్క కట్టాల్సిన గుమస్తా దగ్గర ఆగిపోతుంది. 2026లో ఫిబ్రవరి 1 ఆదివారం. ఆఫీసే తెరవని రోజు నుంచి సెలవు ఎందుకు? రెండు వారాలంటే పద్నాలుగు రోజులా, పన్నెండు పనిదినాలా? ఆఖరి రోజు 14వ తేదీ అనుకుంటే అది రెండో శనివారం, మర్నాడు మళ్లీ ఆదివారం. మరి ఈ ఉద్యోగి తిరిగి కుర్చీలో కూర్చునేది ఎప్పుడు? చీటీలో జవాబు లేదు. జవాబు లేనిచోట లెక్క సాధారణంగా రాసినవాళ్లకే నష్టంగా తేలుతుంది.

ఈ ఉత్తరం రాసింది ఒక మండల తహసీల్దార్ కార్యాలయంలో పనిచేసే జూనియర్ అసిస్టెంట్ అనుకుందాం. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలాంటి మండల కార్యాలయాలకు ఆదివారాలు, రెండో శనివారాలు సెలవు. మిగతా శనివారాలు పనిదినాలే. ఆమె ఖాతాలో ఈఎల్, అంటే ఆర్జిత సెలవు, ఉంది. జనవరి 1న పదిహేను, జూలై 1న పదిహేను రోజుల చొప్పున జమ అయ్యే సెలవు అది. ఏడాది చివర మురిగిపోదు, పరిమితికి లోబడి పోగవుతుంది, రిటైరయ్యేటప్పుడు డబ్బుగా కూడా మారుతుంది. అందుకే ఇందులోంచి ఒక్క రోజు అనవసరంగా పోయినా అది నిజమైన నష్టమే.

ఈఎల్ లెక్కలో తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. సెలవు నడుమ వచ్చే ఆదివారాలు, పండగలు కూడా సెలవులోకే పోతాయి. సెలవు మొదలయ్యే రోజుకు ముందు ఆనుకుని ఉన్న సెలవు దినాలనూ, ముగిసిన రోజు తర్వాత ఆనుకుని ఉన్నవాటినీ మాత్రం, అధికారి అనుమతితో, ఖాతాలోంచి కోయకుండా వాడుకోవచ్చు. ఆఫీసు భాషలో ముందువాటిని ప్రిఫిక్స్ అనీ, వెనకవాటిని సఫిక్స్ అనీ అంటారు. కాబట్టి సెలవు ఏ రోజున మొదలుపెడుతున్నాం, ఏ రోజున ముగిస్తున్నాం అన్నదాన్ని బట్టే ఖర్చు తేలుతుంది. అదే ఉత్తరాన్ని ఆమె ఇలా రాసి ఉంటే:

"మా అమ్మగారికి 2026 ఫిబ్రవరి 3, మంగళవారం మోకాలి ఆపరేషన్ జరగనుంది. ఆమె వెంట ఉండటానికి ఫిబ్రవరి 2, సోమవారం నుంచి ఫిబ్రవరి 13, శుక్రవారం వరకు, ఆ రెండు రోజులూ కలిపి, 12 రోజుల ఆర్జిత సెలవు మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను. సెలవుకు ముందున్న ఫిబ్రవరి 1 ఆదివారాన్నీ, తర్వాత వచ్చే ఫిబ్రవరి 14 రెండో శనివారాన్నీ, 15 ఆదివారాన్నీ వాడుకోవడానికి, హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లడానికి అనుమతి ఇవ్వగలరు. ఫిబ్రవరి 16, సోమవారం ఉదయం విధుల్లో చేరతాను."

ఇప్పుడు ఆమె జనవరి 31 శనివారం సాయంత్రం ఆఫీసు ముగిశాక బయల్దేరి, ఫిబ్రవరి 16 ఉదయం దాకా తల్లి దగ్గరే ఉండవచ్చు. ఊళ్లో లేనిది పదిహేను రోజులు, ఖాతాలోంచి పోయేది పన్నెండు. నడుమనున్న 8వ తేదీ ఆదివారం మాత్రం ఆ పన్నెండులో కలిసిపోయింది, దానికి ఎవరూ చేయగలిగిందేమీ లేదు. 15వ తేదీ మహాశివరాత్రి కూడా, కానీ అది ఆదివారమే పడింది కనుక లెక్కలో అదనంగా కలిసొచ్చేది లేదు. "ఫిబ్రవరి 1 నుంచి 14 వరకు" అన్న పాత వాక్యం మీద మంజూరు చేసి ఉంటే పద్నాలుగు రోజులు పోయేవి. వాక్యం సరిగ్గా లేనందుకు రెండు రోజులు దండగ.

పన్నెండు అన్న అంకె దగ్గర చాలామంది పొరపడతారు. పదమూడులోంచి రెండు తీసేస్తే పదకొండు కదా అంటారు. మొదటి రోజూ, ఆఖరి రోజూ రెండూ సెలవులోవే కాబట్టి ఒకటి కలపాలి. "ఆ రెండు రోజులూ కలిపి" అన్న నాలుగు మాటలు ఉత్తరంలో ఉండాల్సింది అందుకే. "13 వరకు" అని ఊరుకుంటే 13న వస్తారా, రారా అన్న అనుమానం మిగులుతుంది.

తేదీ ఉండగా వారం ఎందుకంటారా? అంకె తప్పు పడటం చాలా తేలిక. పైగా తప్పు పడ్డ అంకె కూడా చూడటానికి సరైన తేదీలాగే ఉంటుంది. "ఫిబ్రవరి 13, శనివారం" అని రాస్తే క్యాలెండర్ చూసిన గుమస్తా వెంటనే పట్టేస్తాడు: 13 శుక్రవారం, శనివారమైతే 14. ఏది మీ ఉద్దేశమో ఒక్క ఫోన్‌తో తేల్చుకుంటాడు. వారం రాయకపోతే ఆ తప్పు మంజూరు ఉత్తర్వులోకీ, అక్కణ్నుంచి సర్వీసు రిజిస్టర్‌లోకీ నడుచుకుంటూ వెళ్లిపోతుంది. నిరుడు పెట్టిన ఉత్తరాన్నే కంప్యూటర్లో తెరిచి ఏడాది అంకె ఒక్కటి మార్చేవాళ్లకు ఇది మరీ పనికొస్తుంది. ఏడాదికి యాభై రెండు వారాల మీద ఒక రోజు ఎక్కువ కనుక అదే తేదీ మరుసటి ఏడు ఒక వారం ముందుకు జరుగుతుంది. 2025లో ఫిబ్రవరి 13 గురువారం, 2026లో శుక్రవారం. నడుమ లీపు సంవత్సరపు ఫిబ్రవరి 29 వస్తే రెండు వారాలు జరుగుతుంది.

అయితే వారం అన్ని తప్పుల్నీ పట్టలేదు. 13కి బదులు 6 అని పడితే రెండూ శుక్రవారాలే, తప్పు దాక్కుంటుంది. ఫిబ్రవరికి మార్చి అని పడినా అంతే: లీపు కాని ఏడాదిలో ఫిబ్రవరికి సరిగ్గా ఇరవై ఎనిమిది రోజులు కాబట్టి మార్చిలో 28వ తేదీ దాకా వారాలన్నీ ఫిబ్రవరివే మళ్లీ వస్తాయి. అలాంటి తప్పును రోజుల మొత్తం పట్టుకుంటుంది. 2 నుంచి 6 వరకు అయితే ఐదు రోజులే, ఉత్తరంలో పన్నెండు అని ఉంది, ఎక్కడో తేడా ఉందని తెలిసిపోతుంది. నా మటుకు నేను రెండు తేదీలు, వాటి వారాలు, రోజుల మొత్తం, తిరిగి చేరే తేదీ లేని సెలవు ఉత్తరాన్ని పూర్తయిన ఉత్తరంగా లెక్కపెట్టను.

నెలను అంకెలో కాక పేరుతో రాయడం కూడా మంచిది. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికాలో ఉన్న మేనేజర్‌కు సెలవు అడిగేవాళ్లు 02/03 అని రాస్తే మనకది మార్చి 2, వాళ్లకు ఫిబ్రవరి 3. ప్రైవేటు కంపెనీల్లో వారాంతాల లెక్క కూడా ఎక్కడికక్కడ వేరు. కొన్నిచోట్ల శుక్రవారం, సోమవారం సెలవు పెడితే నడుమ శని, ఆదివారాలు కూడా సెలవులోకి లాగేస్తారు, దాన్నే శాండ్‌విచ్ రూల్ అంటారు. మీ కంపెనీ నిబంధన చూసుకున్నాకే తేదీలు వేసుకోండి.

సీఎల్ లెక్క దీనికి దాదాపు తలకిందులుగా ఉంటుంది. సీఎల్ క్యాలెండర్ సంవత్సరానికి పదిహేను, డిసెంబర్ 31 దాటితే మిగిలినవి పోయినట్టే. అందులో నడుమ వచ్చే ఆదివారం సీఎల్ కింద కోతపడదు. కానీ ముందూ వెనకా నడుమా ఉన్న సెలవు దినాలన్నీ కలిపి ఏకబిగిన పది రోజులకు మించి గైర్హాజరు కాకూడదు. మన ఉద్యోగి ఈఎల్‌కు బదులు సీఎల్ పెట్టుకుంటే ఫిబ్రవరి 1 ఆదివారం నుంచి 10 మంగళవారం దాకానే ఉండగలదు, అందులో కోతపడే సీఎల్‌లు ఎనిమిది. 11వ తేదీ కూడా కావాలంటే ఆ దారి మూసుకుపోయినట్టే.

ఇక అసలు చిక్కు తిరిగి చేరే రోజుతో వస్తుంది. ఆపరేషన్ అయ్యాక డాక్టర్ "కుట్లు విప్పడానికి సోమవారం, 16న తీసుకురండి" అన్నాడనుకోండి. ఆమె మంగళవారం చేరవచ్చు, పోయేది ఒక్క రోజే కదా అనిపిస్తుంది. సఫిక్స్ ఆమెకు దక్కిందే అవి ముగిసిన వెంటనే వచ్చే పనిదినాన చేరుతుందని. 16న చేరకుండా సెలవు పొడిగిస్తే సెలవు 13తో ముగియలేదన్నమాట. అప్పుడు 14, 15 తేదీలు నడుమనున్న సెలవు దినాలైపోయి ఈఎల్‌లోకి వచ్చేస్తాయి. ఒక్క సోమవారం కోసం మూడు రోజులు పోయి, పన్నెండు కాస్తా పదిహేనవుతుంది.

"ఆ సోమవారానికి ఒక సీఎల్ పెట్టేస్తాను" అని తోటి ఉద్యోగికి ఫోన్ చేసి చెప్పేవాళ్లు ప్రతి ఆఫీసులో ఉంటారు. అది కుదరదు. సీఎల్‌ను ఈఎల్‌తో కలపడానికి నిబంధనలు ఒప్పుకోవు. పొడిగింపు అడగకుండా ఊరికే ఆలస్యంగా వెళ్లడం ఇంకా చేటు: మంజూరు కాని ఆ గైర్హాజరుకు సెలవు జీతం రాదు, సంజాయిషీ అడిగినా చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

కాబట్టి ఉత్తరం రాయడానికి ముందే ఆస్పత్రిలో ఒక ప్రశ్న అడగాలి: కుట్లు విప్పేది ఏ రోజు? శనివారం 14న విప్పడానికి డాక్టర్ ఒప్పుకుంటే ఆమె 16న నిశ్చింతగా చేరవచ్చు, మూడు రోజుల ఈఎల్ మిగులుతుంది. సోమవారమే తప్పదంటే మొదటే ఫిబ్రవరి 2, సోమవారం నుంచి 16, సోమవారం వరకు పదిహేను రోజులు అడిగి, 17 మంగళవారం చేరతానని రాయాలి. పోయే రోజులు అవే అయినా పొడిగింపు కోసం పరుగులు పెట్టే అవసరం తప్పుతుంది. విషయం నడుమలో తెలిస్తే శుక్రవారం 13 సాయంత్రంలోగానే "ఫలానా తేదీ ఉత్తరానికి కొనసాగింపుగా, ఫిబ్రవరి 14, శనివారం నుంచి 16, సోమవారం వరకు మరో 3 రోజులు పొడిగించి, 17, మంగళవారం చేరడానికి అనుమతించగలరు" అని పంపాలి. 14, 15 తేదీల్లో ఆఫీసుకు తాళం వేసి ఉంటుంది, ఉత్తరం తీసుకునేవాళ్లు ఉండరు.