మెడ విరవడం: చప్పుడు, ఉపశమనం, ప్రమాదం

నడుం పట్టేసినా, మెడ పట్టేసినా మన ఊళ్లలో ముందుగా గుర్తొచ్చేది డాక్టరు కాదు. పట్టు తీసేవారు, కట్టు కట్టేవారు, లేకపోతే సెలూన్లో తలకు మాలిష్ చేసి చివర్లో గడ్డం పట్టుకుని మెడను టక్కున తిప్పేవారు. పెద్ద నగరాల్లో ఇదే పని చేసే కైరోప్రాక్టర్ల క్లినిక్కులు కూడా ఇప్పుడు కనిపిస్తున్నాయి. వీరి చదువులో, శిక్షణలో చాలా తేడా ఉంది. అమెరికాలో కైరోప్రాక్టర్ కావాలంటే కొన్నేళ్ల కోర్సు చదివి లైసెన్సు తీసుకోవాలి. మన సెలూన్లో ఆ పనిని చూసి నేర్చుకుంటారు. కానీ చేతులతో చేసే అసలు పని ఒక్కటే. కీలును అది మామూలుగా కదలగల హద్దు దాకా తీసుకెళ్లి, అక్కడ చిన్నగా, చాలా వేగంగా ఒక్క నెట్టు నెట్టడం. ఆ నెట్టు నడుముకు ఇస్తే ఏమవుతుంది, మెడకు ఇస్తే ఏమవుతుంది, రెండింటికీ తేడా ఎందుకు అన్నది ఈ పాఠంలో చూద్దాం.

చప్పుడు ఎక్కడిది?

"పూస జరిగింది, సరిచేశాను" అన్న మాట మీరు వినే ఉంటారు. ఇది మన పల్లెల్లోనే పుట్టిన భావన కాదు. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్ పట్టణంలో డి. డి. పామర్ అనే ఆయన, చెవుడు ఉన్న హార్వీ లిలార్డ్ అనే పనివాడి వెన్ను మీద నొక్కి వినికిడి తెప్పించానని ప్రకటించాడు. జరిగిన పూసలే రోగాలకు మూలమన్న సిద్ధాంతాన్ని ఆ తర్వాత కట్టాడు. కైరోప్రాక్టిక్ పుట్టుక అదే. అయితే వెన్నుపూస నిజంగా చోటు తప్పితే అది ఆపరేషన్ థియేటర్ దాకా వెళ్లాల్సిన గాయం. చేత్తో టక్కుమనిపిస్తే కుదిరే వ్యవహారం కాదు.

మరి చప్పుడు సంగతేమిటి? మీ వేళ్ల మెటికలు విరిచి చూడండి, అదే ఇదీ. కీలు రెండు ఎముకల మధ్య జిగట ద్రవం ఉంటుంది. అందులో వాయువులు కరిగి ఉంటాయి. ఎముకల చివర్లను ఒక్కసారిగా దూరం లాగితే లోపల ఒత్తిడి పడిపోయి, ద్రవంలో వాయువుతో నిండిన ఖాళీ ఏర్పడుతుంది. 2015లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో ఒక వేలి కీలు టక్కుమనే క్షణాన్ని ఎం.ఆర్.ఐ. యంత్రంలో చూసినప్పుడు, చప్పుడుతో పాటే ఈ ఖాళీ ఏర్పడటం కనిపించింది. ఆ వాయువు మళ్లీ కరగడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. విరిచిన మెటిక వెంటనే రెండోసారి పలకకపోవడానికి కారణం ఇదే. కాబట్టి చప్పుడు వచ్చిందంటే ఏదో కుదిరిందని కాదు, రాలేదంటే వైద్యం విఫలమైందనీ కాదు.

నడుముకు మేలు ఎంత?

మేలు అసలే లేదనడం సరికాదు. వేగంగా సాగిన కండరం కాసేపు సడలుతుంది, నొప్పి సంకేతాలు కొంతసేపు మందగిస్తాయి, కీలు తేలికగా కదులుతున్నట్టు అనిపిస్తుంది. ఈ మధ్యనే మొదలైన నడుంనొప్పి మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి 2017లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఒక విశ్లేషణ వచ్చింది. నొప్పిని వంద గీతల కొలబద్ద మీద కొలిస్తే, ఈ చికిత్సతో సుమారు పది గీతల మేరకు తగ్గిందని, ఆ లాభం ఆరు వారాల వరకు కనిపించిందని అందులో తేలింది. నొప్పి మాత్ర ఇచ్చే ఉపశమనానికి ఇది దగ్గరగానే ఉంటుంది. చేయించుకున్నవారిలో సగానికి పైగా మందికి ఒకటి రెండు రోజులు ఒళ్లు నొప్పులు, బిగుతు, తలనొప్పి వచ్చాయి. అవి వాటంతట అవే తగ్గేవి.

నడుము విషయంలో మనకు కలిసొచ్చే అంశం ఒకటుంది. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది. మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులేవీ అటు వెళ్లవు. అయినా ఎముకలు గుల్లబారిన వృద్ధులు, క్యాన్సర్ ఉన్నవారు, కాళ్లలో బలం తగ్గుతున్నవారు ఇది చేయించుకోకూడదు. మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మెడలో దారి వేరు

ఇప్పుడు మెడలోకి వద్దాం. మెదడుకు నాలుగు పెద్ద ధమనులు రక్తం తీసుకెళ్తాయి. ముందువైపు రెండు, వెనుకవైపు రెండు. వెనుక ధమనులను వెర్టిబ్రల్ ధమనులు అంటారు. వీటి దారి విచిత్రమైనది. మెడలో ఏడు పూసలున్నాయి. చాలామందిలో ఈ ధమని కింది నుంచి ఆరో పూస పక్కనున్న రంధ్రంలోకి దూరి, పూసలో నుంచి పూసలోకి, సూదిలో దారంలా పైకి ఎక్కుతుంది. మొదటి పూస దాటగానే వెనక్కి మళ్లి, ఆ పూస మీదుగా మెలిక తిరిగి పుర్రెలోకి వెళ్తుంది. లోపల రెండు ధమనులూ కలిసి మెదడు కాండానికి, చిన్నమెదడుకు, చూపు కేంద్రాలున్న వెనుక భాగానికి రక్తం ఇస్తాయి. శ్వాస, మింగడం, నడకలో తూకం వంటి పనులు నడిపించేవి ఇవే.

మొదటి పూస ఉంగరంలా ఉంటుంది. రెండో పూస నుంచి పైకి లేచిన మేకు లాంటి ఎముక చుట్టూ అది తిరుగుతుంది. మీరు తల పక్కకు తిప్పినప్పుడు జరిగే కదలికలో దాదాపు సగం ఈ ఒక్క కీలు దగ్గరే జరుగుతుంది. సరిగ్గా ధమని మెలిక తిరిగేదీ అక్కడే. తలను కుడికి బాగా తిప్పితే ఎడమ ధమని సాగుతుంది. మామూలు కదలికకు సరిపడా వదులు దానికి ప్రకృతి ఇచ్చింది. వేగంగా, హద్దు దాకా, వేరొకరి చేతి బలంతో తిప్పినప్పుడు ఆ వదులు చాలకపోవచ్చు.

అప్పుడు జరిగేది ధమని తెగిపోవడం కాదు. గోడ లోపలి పొరలో సన్నని చీలిక. రక్తం ఆ చీలికలో నుంచి గోడ పొరల మధ్యకు చొరబడి దారిని ఇరుకు చేస్తుంది. గాయమైన చోట రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ముక్క ఊడి పైకి కొట్టుకుపోతే మెదడుకు పక్షవాతం. నిమిషాల్లో రావచ్చు, గంటల తర్వాత రావచ్చు, కొన్ని రోజుల తర్వాత కూడా రావచ్చు. మొత్తం పక్షవాతాల్లో మెడ ధమని చీలిక వల్ల వచ్చేవి సుమారు రెండు శాతమే. కానీ నడివయసు దాటని వారిలో వచ్చే పక్షవాతానికి ఇది ముఖ్య కారణాల్లో ఒకటి.

మెడను విరవడం ఒక్కటే దీనికి దారి కాదన్నదీ గమనించండి. 1993లో మైకేల్ వైంట్రాబ్ అనే అమెరికా నాడీవైద్యుడు, బ్యూటీ పార్లర్లో తల కడిగించుకోవడానికి మెడను సింకు అంచు మీద వెనక్కి వాల్చిన తర్వాత పక్షవాతం వచ్చిన ఐదుగురి గురించి రాశాడు.

ఒక కేసును దశలవారీగా చూద్దాం

ఇది బోధన కోసం కూర్చిన కేసు. ముప్పై ఎనిమిదేళ్ల ఆటో డ్రైవరు. బీపీ, షుగరు లేవు. సోమవారం బరువైన సామాను ఎత్తాడు. మంగళవారం నుంచి మెడ ఎడమవైపు, చెవి వెనుక నుంచి తల వెనుక దాకా నొప్పి. "ఇలాంటి నొప్పి ఇదివరకు ఎప్పుడూ రాలేదు" అన్నాడు భార్యతో. బుధవారం సెలూన్లో మెడ రెండువైపులా విరిపించుకున్నాడు. కాసేపు హాయిగా అనిపించింది. రాత్రికి కళ్లు తిరిగాయి, వాంతి అయింది, అజీర్తి అనుకున్నారు. గురువారం పొద్దున లేచేసరికి నడక ఎడమకు తూలుతోంది, ఎక్కిళ్లు ఆగడం లేదు, గొంతు బొంగురుపోయింది, నీళ్లు మింగితే పొరబోతోంది. ముఖం ఎడమవైపు మొద్దుబారింది, ఒళ్లు మాత్రం కుడివైపు మొద్దుబారింది. చేయీ కాలూ పడిపోలేదు కాబట్టి ఇది పక్షవాతం అని ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. చీలిక ఎప్పుడు మొదలైంది, సోమవారమా, బుధవారమా?

ఈ ప్రశ్న మీదే పరిశోధకులు ఏళ్లుగా వాదించుకుంటున్నారు. 2001లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రం రికార్డులతో చేసిన అధ్యయనంలో, 45 ఏళ్ల లోపువారిలో ఈ రకం పక్షవాతం వచ్చినవారు అంతకుముందు వారంలో కైరోప్రాక్టర్ దగ్గరకు వెళ్లి ఉండే అవకాశం ఇతరులకంటే ఐదు రెట్లు ఎక్కువని తేలింది. నేరం రుజువైనట్టే కనిపించింది. 2008లో అదే రాష్ట్రంలో మరో అధ్యయనం వచ్చింది. పక్షవాతానికి ముందు, మెడను ముట్టుకోని మామూలు డాక్టరు దగ్గరకు వెళ్లినవారిలో కూడా అలాంటి సంబంధమే కనిపించింది! అంటే చాలామందిలో చీలిక ముందే మొదలైంది. ఆ నొప్పే వారిని ఎవరో ఒకరి దగ్గరకు నడిపించింది. 2014లో అమెరికా గుండె సంఘం ఈ సాక్ష్యాలన్నీ పరిశీలించి, సంబంధం ఉంది, అదే కారణమని రుజువు కాలేదు, అయినా మెడ విరిచే ముందు రోగికి ఈ ప్రమాదం చెప్పాలి అని ప్రకటించింది.

కైరోప్రాక్టర్లు 2008 అధ్యయనాన్ని తమకు క్లీన్ చిట్‌గా చూపిస్తుంటారు. నాకు అది అలా కనిపించదు. చీలిక అప్పటికే ఉన్న మెడను విరిస్తే, అక్కడ కట్టిన గడ్డ ఊడి పైకి పోవచ్చు. చీలిక ఉందో లేదో చేతితో పట్టి చెప్పడం సాధ్యం కాదు. తలను తిప్పి ఉంచి కళ్లు తిరుగుతున్నాయా అని చూసే పరీక్షలు ఉన్నాయి గానీ, అవి నమ్మదగినవి కావు. కాబట్టి చీలికను పుట్టించినా, ఉన్నదాన్ని రేపినా రోగికి జరిగే నష్టం ఒక్కటే. ఈ ప్రమాదం ఎంత అరుదన్న అంచనాలు వేలల్లో ఒకటి నుంచి లక్షల్లో ఒకటి దాకా పొంతన లేకుండా ఉన్నాయి. అరుదన్నది మాత్రం అందరూ ఒప్పుకుంటారు.

అరుదైన ప్రమాదాన్ని ఒప్పుకోవచ్చా అన్నది, బదులుగా దొరికే మేలును బట్టి ఉంటుంది. మెడనొప్పికి టక్కున విరిచే పద్ధతినీ, కీలును హద్దు లోపలే నెమ్మదిగా ముందుకూ వెనక్కూ కదిలించే ఫిజియోథెరపీ పద్ధతినీ పోల్చినప్పుడు ఫలితాలు ఇంచుమించు సమానంగానే వచ్చాయి. అదే ఉపశమనం విరవకుండా దొరుకుతున్నప్పుడు, మెడను విరిపించుకోవడానికి నాకు కారణం కనబడదు. నడుము విషయంలో ఇంత కచ్చితంగా చెప్పను.

కట్టు కట్టేవారి సంగతి కొంచెం వేరు. పుత్తూరు కట్టు పేరు మీరు వినే ఉంటారు. వారి పేరు ప్రధానంగా చేయి, కాలి ఎముకలకు వెదురు బద్దలతో కట్టే కట్టు వల్ల వచ్చింది. ముంజేయి కట్టులో ఉన్న నేర్పును చూసి మెడను కూడా అదే చేతికి అప్పగించడం తొందరపాటు అవుతుంది. కింద పడ్డాకో, బండి ప్రమాదం తర్వాతో వచ్చిన మెడనొప్పిని ఎక్స్‌రే తీయకుండా ఎవరూ ముట్టుకోకూడదు.

ఎలా గుర్తుపట్టాలి?

మామూలుగా పట్టేసిన మెడ ఒక దిక్కుకు తిప్పితే నొప్పి, తిప్పకపోతే తక్కువ. వేడి కాపడానికి, రెండు మూడు రోజుల విశ్రాంతికి తగ్గుముఖం పడుతుంది. చీలిక నొప్పి చాలాసార్లు ఒక పక్కనే, హఠాత్తుగా మొదలవుతుంది. ఇదివరకు ఎరగని రకంగా ఉంటుంది. తల కదపకపోయినా తగ్గదు. దానికి కళ్లు తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట తడబడటం, మింగలేకపోవడం, నడక తూలడం, ముఖం మొద్దుబారడం, ఒక కంటి రెప్ప వాలిపోవడం వీటిలో ఏ ఒక్కటి తోడైనా 108కి ఫోన్ చేయాలి. గడ్డను కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది. మన ఆటో డ్రైవరు విషయంలో ఆ గడియారం గురువారం కాదు, బుధవారం రాత్రి కళ్లు తిరిగినప్పుడే మొదలైంది.

ఆసుపత్రిలో మీరు తప్పకుండా చెప్పాల్సిన మాట ఒకటుంది: "నిన్న మెడ విరిపించుకున్నాడు." చేయీ కాలూ బాగానే ఉన్న మనిషి కళ్లు తిరుగుతున్నాయంటే చెవి సమస్య అనుకుని మాత్రలిచ్చి పంపే అవకాశం ఉంది. మామూలు సి.టి. స్కాన్‌లో ఈ చీలిక కనిపించకపోవచ్చు. ఆ ఒక్క మాట విన్న డాక్టరు, మెడ ధమనులను చూపించే యాంజియోగ్రామ్ రాస్తారు.